0.999... ఒకటికి దగ్గర కాదు, ఒకటే

"సార్, నేను ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. 0.999... అంటే 1 అని మా లెక్చరర్ 10x లోంచి x తీసేసి చూపించారు. లెక్క అర్థమైంది గానీ నమ్మకం కుదరడం లేదు. ఎన్ని 9లు రాసినా 1 కంటే కాస్త తక్కువే కదా? దగ్గరికి వెళ్తుంది, చేరదు. మరి సమానం అని ఎలా అంటారు?"

ఎన్ని 9లు రాసినా 1 కంటే తక్కువే అన్నావు చూడు, అది పూర్తిగా నిజం. దాన్ని వదులుకోమని నేను అడగను. వదులుకోకుండానే 0.999... = 1 అని నువ్వే ఒప్పుకునేలా చెప్తాను. ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. ఈ ప్రశ్న దగ్గర మొండికేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. నాకు వాళ్లంటే ఇష్టం, ఎందుకంటే వాళ్లు పట్టుకున్న మాట తప్పు కాదు. ఆ మాటను దేనికి తగిలిస్తున్నారన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది.

నువ్వు చెప్తున్నది 0.9 గురించి, 0.99 గురించి, 0.999 గురించి. అలా లక్ష 9లు రాసినా, కోటి 9లు రాసినా, ఎక్కడో ఒకచోట ఆగిపోయిన సంఖ్యల గురించే మాట్లాడుతున్నావు. పక్కన మూడు చుక్కలున్న 0.999... ఆ జాబితాలో ఎక్కడా లేదు. అది జాబితాలో చివరిది కూడా కాదు, ఎందుకంటే ఆ జాబితాకు చివర అనేదే లేదు. జాబితాలో ఉన్న వాటి గురించి నువ్వు చెప్పిన మాట, జాబితాలో లేని దానికి తనంతట తాను వర్తించదు.

మరి ఆ చుక్కలకు అర్థం ఏమిటి?

0.375 అని రాస్తే 3/10 + 7/100 + 5/1000 అని అర్థం. మూడు సంఖ్యల కూడిక, ఎవరైనా చేస్తారు. అదే పద్ధతిలో 0.999... ని విడదీస్తే ఇలా వస్తుంది:

9/10 + 9/100 + 9/1000 + 9/10000 + ...

చిక్కంతా ఇక్కడుంది. చిన్నప్పుడు మనకు రెండు సంఖ్యలను కూడటం నేర్పారు. రెండు వస్తే మూడు వస్తాయి, మూడు వస్తే ముప్ఫై వస్తాయి. కానీ అంతులేనన్ని సంఖ్యలను కూడటం మనకు ఎవరూ నేర్పలేదు. అది ఒకటో తరగతి కూడికలోంచి దానంతట అది పుట్టుకురాదు. ఎంతసేపు కూడినా ఇంకా కూడాల్సింది మిగిలే ఉంటుంది. అందుకే పై వరస "విలువ ఎంత" అని అడిగే ముందు, అసలు ఇలాంటి వరసకు విలువ అంటే ఏమిటో తేల్చుకోవాలి. 1821లో ఫ్రాన్స్‌లో కోషీ తన పాఠ్యపుస్తకంలో దీన్ని తేల్చి రాశాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడేది అదే. ఒక పదం వరకు కూడు, రెండు పదాల వరకు కూడు, మూడు పదాల వరకు కూడు. ఈ మొత్తాలను పాక్షిక మొత్తాలు అంటారు. అవి ఒక సంఖ్యను అవధిగా కలిగి ఉంటే, ఆ అవధినే మొత్తం వరస విలువ అంటాం. అవధి లేకపోతే ఆ వరసకు విలువ లేదు, అంతే.

కాబట్టి 0.999... అనేది ఒక అవధికి పెట్టిన పేరు. ఇక మనం తేల్చాల్సింది ఒక్కటే: 0.9, 0.99, 0.999, ... ఈ అనుక్రమానికి అవధి ఎంత?

సూత్రం రాసే ముందు ఒక బెల్లం దిమ్మ తీసుకుందాం. సరిగ్గా కిలో ఉంది. అందులో పదింట తొమ్మిది వంతులు, అంటే 900 గ్రాములు ఇచ్చేశావు. నీ దగ్గర 100 గ్రాములు మిగిలింది. ఆ మిగిలిన దాంట్లో మళ్లీ పదింట తొమ్మిది వంతులు, అంటే 90 గ్రాములు ఇచ్చావు. 10 గ్రాములు మిగిలింది. మూడోసారి 9 గ్రాములు ఇచ్చావు, 1 గ్రాము మిగిలింది. ఇప్పటివరకు ఇచ్చింది 999 గ్రాములు. ఏ దశలో చూసినా ఇచ్చింది, మిగిలింది కలిపితే కచ్చితంగా కిలో. మిగిలింది ప్రతిసారీ పదో వంతుకు తగ్గుతోంది. (నిజం బెల్లంతో ఇది ఎంతో దూరం పోదు, కొన్నిసార్ల తర్వాత కోయడానికి ఏమీ ఉండదు. సంఖ్యలకు ఆ ఇబ్బంది లేదు, కాబట్టి బెల్లాన్ని ఇక్కడితో వదిలేద్దాం.)

ఇదే మాటను అంకెల్లో రాస్తే:

1 = 9/10 + 1/10
1 = 9/10 + 9/100 + 1/100
1 = 9/10 + 9/100 + 9/1000 + 1/1000

మొదటి n పదాల మొత్తాన్ని Sₙ అనుకుంటే, పై వరుసలన్నీ చెప్పేది ఒక్కటే:

Sₙ = 1 − 1/10ⁿ

నీకు గుణశ్రేఢి సూత్రం వచ్చు కాబట్టి దాంతోనూ సరిచూసుకో. మొదటి పదం a = 9/10, సామాన్య నిష్పత్తి r = 1/10. మొదటి n పదాల మొత్తం a(1 − rⁿ)/(1 − r). హారంలో 1 − r కూడా 9/10 అవుతుంది, a తో కొట్టుడుపోతుంది, మిగిలేది 1 − (1/10)ⁿ. అదే జవాబు. ఇక్కడ గమనించు, ఇంతవరకు అనంతం అనే మాటే రాలేదు. ప్రతిదీ మామూలు కూడిక, ప్రతి "=" కచ్చితమైన సమానం. నువ్వన్న "కాస్త తక్కువ" కూడా ఈ సూత్రంలోనే కనిపిస్తోంది. ఆ కాస్త ఎంతో కూడా తెలిసింది: 1/10ⁿ.

ఈ "మిగిలింది చూడు" అనే పద్ధతి మనవాళ్లకు చాలా పాతది. కేరళ గణిత సంప్రదాయానికి చెందిన నీలకంఠ సోమయాజి 1444లో పుట్టాడు. ఆర్యభటీయానికి రాసిన భాష్యంలో ఆయన 1/4 + 1/16 + 1/64 + ... అనే వరస 1/3 అవుతుందని చూపించాడు. నీ ప్రశ్నలాంటి ప్రశ్నే ఆయనా వేసుకున్నాడు: ఈ మొత్తం అంతవరకే పెరుగుతుందని, నిజంగా అంతవరకూ పెరుగుతుందని మనకెలా తెలుసు? ఆయన దారిని ఇప్పటి రాతలో పెడితే, 1/3 = 1/4 + 1/12. మిగిలిన 1/12 ని మళ్లీ విడదీస్తే 1/16 + 1/48. ఆ 1/48 ని విడదీస్తే 1/64 + 1/192. ప్రతిసారీ మిగిలింది నాలుగో వంతుకు పడిపోతోంది, కూడినది 1/3 దాటడం లేదు. మన బెల్లం లెక్కలో పది ఉన్నచోట ఆయన లెక్కలో నాలుగు ఉంది, తేడా అంతే. ఆ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి చూడు: "అంతవరకే" అన్నది ఒకటి, "అంతవరకూ" అన్నది ఇంకొకటి. రెండూ కావాలి.

ఇప్పుడు అవధి సంగతి. "దగ్గరవుతూ పోవడం" అనే మాటతోనే అవధిని అర్థం చేసుకుంటే దెబ్బతింటాం. ఎలాగో చూడు. 0.9, 0.99, 0.999 ఇవి 1కి దగ్గరవుతున్నాయి, నిజమే. కానీ ఇవి 2కి కూడా దగ్గరవుతున్నాయి! 2కి దూరం మొదట 1.1, తర్వాత 1.01, తర్వాత 1.001. ప్రతి అడుగుకీ తగ్గుతోంది. 5కి కూడా దగ్గరవుతున్నాయి. అంత మాత్రాన 2 అవధి అని, 5 అవధి అని అనం. 2కి దూరం తగ్గుతోంది గానీ 1 కంటే కిందికి ఎప్పుడూ రాదు. 1కి ఉన్న దూరం అలా కాదు. నువ్వు ఎంత చిన్న హద్దు గీసినా, దాని కిందికి దిగిపోతుంది, దిగాక మళ్లీ పైకి రాదు. అవధి అంటే అది. దగ్గరవడం ఒక్కటే చాలదు, ఏ హద్దు పెట్టినా లోపలికి రావాలి, వచ్చాక లోపలే ఉండిపోవాలి.

దీన్ని ఇద్దరి మధ్య పందెంలా అనుకో. హద్దు చెప్పేది నువ్వు. ఎన్నో పదం నుంచి ఆ హద్దు లోపల ఉంటామో చెప్పాల్సింది నేను. నువ్వు "కోటింట ఒక వంతు కంటే తక్కువ తేడా చూపించండి" అన్నావనుకో. కోటి అంటే 10⁷. S₇ = 0.9999999 తీసుకుంటే 1కి తేడా సరిగ్గా కోటింట ఒక వంతు. నువ్వు అడిగింది తక్కువ కావాలని, సమానం కాదు. కాబట్టి నేను 8 అంటాను. S₈ దగ్గర తేడా పది కోట్లలో ఒక వంతు, ఆ తర్వాత అన్నిటికీ అంతకంటే తక్కువే. పరీక్షల్లో చాలామంది ఇక్కడ 7 రాసి మార్కు పోగొట్టుకుంటారు.

అయితే ఒక హద్దుకు జవాబు చెప్తే సరిపోదు. నువ్వు ఏ హద్దు చెప్పినా నా దగ్గర జవాబు ఉందని చూపించాలి. నీ హద్దు d అనుకుందాం, ఏదైనా ధన సంఖ్య. 1/d కంటే పెద్దదైన ఒక పూర్ణసంఖ్య n తీసుకుంటాను. 10ⁿ అనేది (1 + 9)ⁿ. దాన్ని ద్విపద సిద్ధాంతంతో విస్తరిస్తే మొదటి రెండు పదాలే 1 + 9n, మిగతావి ఋణం కావు. కాబట్టి 10ⁿ ఎప్పుడూ n కంటే పెద్దది. అప్పుడు:

10ⁿ > n > 1/d, అందువల్ల 1/10ⁿ < d

పందెం అయిపోయింది. నువ్వు ఏ d చెప్పినా నేను n చెప్పగలను. n ఇంకా పెంచితే తేడా ఇంకా తగ్గుతుందే గానీ పెరగదు. కాబట్టి పాక్షిక మొత్తాల అవధి 1. 0.999... అనేది ఆ అవధికి పేరు. అందుకే 0.999... = 1.

అవధి 1 కాకుండా ఇంకేదైనా కూడా కావచ్చేమో అన్న అనుమానం రావచ్చు, అదీ తీర్చేద్దాం. ఎవరో 1 కంటే చిన్న సంఖ్య L ని అవధి అన్నారనుకో. 1 − L ఒక ధన సంఖ్య. ఇప్పుడే చూశాం, ఏదో ఒక n దగ్గర 1/10ⁿ దానికంటే చిన్నదవుతుంది. అంటే అక్కడ Sₙ అనేది L ని దాటేసింది. దాటాక ఇంకా పెరుగుతూ దూరం పోతుందే గానీ వెనక్కి రాదు. దాటి దూరం పోయే వాటికి L అవధి ఎలా అవుతుంది? ఉదాహరణకు ఎవరైనా L = 0.99999 అంటే, ఆరో పదం దగ్గరే 0.999999 దాన్ని దాటేస్తుంది. ఇక 1 కంటే పెద్ద సంఖ్య అయితే, 2 విషయంలో చూసినట్టే మధ్యలో ఎప్పటికీ పూడని ఖాళీ ఉండిపోతుంది. నీలకంఠుడి "అంతవరకే", "అంతవరకూ" రెండూ తేలిపోయాయి.

ఇప్పుడు నీ అసలు మాటకు వస్తాను: "దగ్గరికి వెళ్తుంది, చేరదు."

వెళ్లేది ఎవరు? ఈ వాక్యానికి కర్త ఎవరో చెప్పు. Sₙ లు వెళ్తున్నాయి. n పెరిగేకొద్దీ అవి మారుతున్నాయి, 1 వైపు నడుస్తున్నాయి, అందులో ఏదీ 1 కాదు. ఇంతవరకు నీతో నాకు పేచీ లేదు. 0.999... మాత్రం ఎక్కడికీ వెళ్లడం లేదు. అది ఒక సంఖ్య. 7 ఎక్కడికీ వెళ్లనట్టే, 1/3 ఎక్కడికీ వెళ్లనట్టే, అదీ వెళ్లదు. ఆ నడిచేవాళ్లు ఏ ఊరి వైపు నడుస్తున్నారో, ఆ ఊరి పేరు అది. నడిచేవాళ్లు ఊరు చేరకపోవడం వల్ల ఊరు జరిగిపోదు. కాగితం మీద 9లు ఒకదాని తర్వాత ఒకటి రాస్తాం కాబట్టి ఆ సంఖ్య ఇంకా తయారవుతున్నట్టు, ఎవరో ఇంకా 9లు చేరుస్తున్నట్టు మనసుకు అనిపిస్తుంది. రాయడానికి సమయం పడుతుంది, సంఖ్యకు కాదు.

1/3 = 0.333... అంటే మాత్రం ఎవరూ గొడవ పడరు, అది నాకెప్పుడూ ఆశ్చర్యమే. 0.3, 0.33, 0.333 వీటిలో ఏదీ 1/3 కాదు, అన్నీ కాస్త తక్కువే. నీ అభ్యంతరం అక్కడ కూడా అంతే బలంగా ఉండాలి. భాగహారం చేసి తెచ్చుకున్నాం కాబట్టి అక్కడ నమ్మేస్తాం. ఇక్కడ ఒకే సంఖ్యకు రెండు వేషాలు కనిపిస్తున్నాయి కాబట్టి నమ్మం.

ఇంకో వాదన తరచుగా వింటాను: "తేడా 0.000...1 సార్, సున్నాలన్నీ అయ్యాక ఒక 1." నా దగ్గర చదివిన ఒక అమ్మాయి వారం రోజులు దీని మీదే నాతో వాదించింది. చివరికి బోర్డు దగ్గరికి పిలిచి ఒకటే అడిగాను: ఆ 1 దశాంశ బిందువు తర్వాత ఎన్నో స్థానంలో ఉంది? దశాంశంలో ప్రతి అంకెకూ ఒక స్థానం ఉండాలి: మొదటిది, రెండోది, వెయ్యో స్థానం, ఏదో ఒక పూర్ణసంఖ్య. నూరో స్థానంలో ఉందంటే తేడా 1/10¹⁰⁰. కానీ అప్పుడు నువ్వు 100 తొమ్మిదుల దగ్గర ఆగిపోయావు, అది S₁₀₀. "సున్నాలన్నీ అయ్యాక" అనే స్థానం లేదు, ఎందుకంటే సున్నాలు అయిపోవు. ఆ రాత చూడ్డానికి సంఖ్యలా ఉంటుంది గానీ దానికి అర్థం లేదు. ఆ అమ్మాయి కాసేపు బోర్డు వైపు చూసి, "అయితే తేడా ఎంత సార్?" అంది. 1 − 0.999... అనేది ప్రతి 1/10ⁿ కంటే చిన్నదో సమానమో అవ్వాలి, ఋణం కాకూడదు. ఏ ధన సంఖ్యా ఆ షరతుకు నిలవదని పందెంలో చూశాం. మిగిలింది సున్నా.

ఇక మీ లెక్చరర్ చేసిన 10x − x లెక్క. x = 0.999... అనుకుని, 10x = 9.999... అని, తీసేస్తే 9x = 9, x = 1. ఫలితం సరైనదే. కానీ నీకు నమ్మకం కుదరకపోవడంలో తప్పు లేదు, ఎందుకంటే ఆ లెక్క ఒక విషయాన్ని చెప్పకుండా వాడుకుంటుంది: x అనే సంఖ్య ఉందని. ఉందని ముందే అనుకుంటేనే దాన్ని 10తో గుణించడం, తీసివేయడం కుదురుతుంది. అలా అనుకోవడం ఎంత ప్రమాదమో ఇది చూడు:

x = 1 + 2 + 4 + 8 + ...
2x = 2 + 4 + 8 + ... = x − 1

అంటే x = −1. ధన సంఖ్యలు కూడితే ఋణ సంఖ్య! ఆటలో నియమాలు అవే, వచ్చింది మాత్రం చెత్త. ఎందుకంటే ఇక్కడ పాక్షిక మొత్తాలు 1, 3, 7, 15 అని పెరిగిపోతున్నాయి, వాస్తవ సంఖ్యల్లో వాటికి అవధి లేదు. లేని సంఖ్యకు x అని పేరు పెట్టి లెక్క చేశాం. ఇది కూడా గుణశ్రేఢే, నిష్పత్తి 2. మన వరసలో నిష్పత్తి 1/10. r పరమ మూల్యం 1 కంటే తక్కువైతేనే rⁿ సున్నాకు పోతుంది, అప్పుడే a/(1 − r) అనే సూత్రం పనిచేస్తుంది. పుస్తకంలో ఆ షరతును బ్రాకెట్లో చిన్నగా వేస్తారు, పిల్లలు దాన్ని దాటేసి సూత్రం మాత్రం బట్టీ పడతారు.

10x − x మీద ఇంకో తెలివైన అభ్యంతరం ఉంది. "10తో గుణిస్తే దశాంశ బిందువు తర్వాత ఒక 9 తగ్గాలి కదా సార్?" ఆగిపోయిన సంఖ్యలకు నిజంగానే తగ్గుతుంది. 10 × 0.999 = 9.99. అందులోంచి 0.999 తీసేస్తే 8.991 వస్తుంది, 9 రాదు. తేడా 0.009. సాధారణంగా రాస్తే:

10Sₙ − Sₙ = 9 − 9/10ⁿ

ఆ తగ్గిన 9 ఎక్కడికీ పోలేదు, 9/10ⁿ రూపంలో ఇక్కడే కూర్చుంది. అవధి తీసుకుంటే అది సున్నా అవుతుంది, 9x = 9 నిలబడుతుంది. అంటే మీ లెక్చరర్ లెక్క కింద కూడా పనిచేస్తున్నది అవధే, పైకి కనిపించదు అంతే.

మా బ్యాచ్‌లో ఒకడు ఒకసారి ల్యాప్‌టాప్ తెచ్చి "పైథాన్ కూడా ఒప్పుకుంది సార్" అని చూపించాడు. నువ్వూ చేసి చూడొచ్చు:

```
>>> 0.9999999999999999 == 1
False
>>> 0.99999999999999999 == 1
True
```

పైన 16 తొమ్మిదులు, కింద 17. దీన్ని నిరూపణ అనుకోకు. 17 తొమ్మిదుల దగ్గర ఆగిన సంఖ్య 1కి సమానం కాదు, నువ్వు చెప్పినట్టే కాస్త తక్కువ. కంప్యూటర్ ఇలాంటి సంఖ్యల అంకెలను 53 బిట్ల మేరకే దాచుకుంటుంది, 1కి అంత దగ్గరున్న సంఖ్యను విడిగా దాచే చోటు లేక 1కి గుండ్రం చేసేసింది. అంటే సరైన ఫలితానికి దగ్గరగా కనిపించే తప్పు జవాబు ఇది. మన లెక్కలో ఎక్కడా గుండ్రం చేయడం లేదు. ఎవరైనా "ఆ చిన్న తేడాను వదిలేస్తాం కాబట్టి సమానం అంటారు" అని చెప్తే వాళ్లూ కంప్యూటర్ చేసిన పనే చేస్తున్నారు. మనం ఏమీ వదిలేయలేదు.

నువ్వు ఇంకా పట్టు వదలకుండా, "ఇదంతా మీరు పెట్టుకున్న నిర్వచనమే కదా, నేను వేరేలా పెట్టుకుంటాను" అనవచ్చు. నిర్వచనమే, ఒప్పుకుంటాను. పందెంలో నేను ఒకచోట 1/d కంటే పెద్ద పూర్ణసంఖ్య ఉంటుందని ధీమాగా తీసుకున్నాను. దాన్ని ఆర్కిమెడీస్ ధర్మం అంటారు, వాస్తవ సంఖ్యలకు అది ఉంది. అది లేని సంఖ్యా వ్యవస్థలు కూడా గణితంలో ఉన్నాయి. 1960లలో అబ్రహాం రాబిన్సన్ కట్టిన వ్యవస్థలో, ప్రతి 1/10ⁿ కంటే చిన్నదై కూడా సున్నా కాని సంఖ్యలుంటాయి. అక్కడ అనంతమైన H స్థానాల దగ్గర ఆపితే 1 − 1/10ᴴ వస్తుంది, అది 1 కంటే నిజంగా తక్కువ. నీ మనసులో ఉన్న "కాస్త తక్కువ" బహుశా అదే. కానీ అక్కడ కూడా అది H దగ్గర ఆపిన మొత్తమే. ఆపకుండా, అన్ని స్థానాల్లోనూ 9 ఉన్న దశాంశం విలువ అక్కడా 1 అనే వస్తుంది. ఇంటర్ సిలబస్‌లో ఉన్నవి మాత్రం వాస్తవ సంఖ్యలే, అందులో ఈ తేడాకు చోటు లేదు.

ఒకే సంఖ్యకు రెండు దశాంశ రూపాలు ఉండటం 1 ఒక్కదానికే జరిగిన వింత కాదు. ఎక్కడో ఆగిపోయే ప్రతి దశాంశానికీ (సున్నా తప్ప) ఇలా జోడు ఉంటుంది. 0.5 ఉంది, 0.4999... ఉంది. 2.36 ఉంది, 2.35999... ఉంది. ఒకటి చేసి చూపిస్తాను. 0.4999... అంటే 0.4 కి 9/100 + 9/1000 + ... కలపడం. ఇది మొదటి పదం 9/100, నిష్పత్తి 1/10 ఉన్న గుణశ్రేఢి. మొత్తం (9/100) ÷ (9/10) = 1/10. 0.4 + 0.1 = 0.5. మిగతా సంఖ్యలకు, అంటే 1/3 లాంటివాటికి, √2 లాంటివాటికి, ఒక్క రూపమే ఉంటుంది. పదికి బదులు వేరే ఆధారం తీసుకున్నా ఇదే తంతు: ద్విసంఖ్యామానంలో 0.111... అంటే 1/2 + 1/4 + 1/8 + ..., అదీ 1 అవుతుంది.

రేపు డిగ్రీలో కాంటర్ వికర్ణ నిరూపణ చదివేటప్పుడు ఈ జోడు రూపాలు మళ్లీ ఎదురవుతాయి. అక్కడ జాబితాలో లేని ఒక సంఖ్యను అంకె అంకెగా కడతారు. జాగ్రత్తగా లేకపోతే కట్టింది జాబితాలోనే వేరే వేషంలో ఉన్న సంఖ్య కావచ్చు. అందుకే కట్టేటప్పుడు 0, 9 అంకెలు వాడకుండా చూసుకుంటారు. కారణం చెప్పకుండా ఆ షరతు పెట్టేసే లెక్చరర్లు ఉంటారు, నీకు మాత్రం కారణం తెలిసింది.

పరీక్షలో అడిగితే 10x − x రాయకు. Sₙ = 1 − 1/10ⁿ తెచ్చుకుని, 1/10ⁿ సున్నాకు పోతుందని ఒక వరుసలో కారణంతో సహా చూపించి, అవధి 1 అని రాయి.